తొమ్మిదేళ్ల ప్రయాణం, పదిహేనేళ్ల గడియారం

భూమి నుంచి 12 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న నక్షత్రానికి ఒక వ్యోమనౌక 0.8c వేగంతో వెళుతోంది. ప్రయాణానికి భూమి మీదివారి లెక్కలో ఎంత కాలం పడుతుంది? నౌకలో ఉన్నవారి లెక్కలో ఎంత? డిగ్రీ ఫిజిక్సు పేపర్లలోనూ, ఐఐటీ జామ్, గేట్ వంటి పరీక్షలకు చదివేవారి పుస్తకాల్లోనూ అంకెలు మార్చుకుంటూ మళ్లీ మళ్లీ ఎదురయ్యే ప్రశ్న ఇది. c అంటే కాంతి వేగం, సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు. ఆ వేగంతో కాంతి ఏడాదిలో వెళ్లే దూరమే కాంతి సంవత్సరం. టౌ సెటి అనే నక్షత్రం మనకు నిజంగానే సుమారు ఇంత దూరంలో ఉంది. దాన్నే మన గమ్యం అనుకుందాం. భూమి, టౌ సెటి ఒకదానికొకటి కదలకుండా ఉన్నాయని పరీక్షలో అనుకున్నట్టే మనమూ అనుకుందాం.

మొదటి భాగంలో చిక్కేమీ లేదు. దూరాన్ని వేగంతో భాగిస్తే చాలు: 12 / 0.8 = 15 ఏళ్లు. భూమి మీద క్యాలెండర్లు పదిహేను మారేసరికి నౌక టౌ సెటి చేరుతుంది.

రెండో భాగానికి 1905లో ఐన్‌స్టీన్ ప్రతిపాదించిన ప్రత్యేక సాపేక్షతా సిద్ధాంతం కావాలి. మనం ఎంత వేగంగా కదులుతూ కొలిచినా కాంతి వేగం ఒక్కటేనన్నది దాని పునాది. అందులోంచి రెండు ఫలితాలు వస్తాయి. కదిలే గడియారం నెమ్మదిగా నడుస్తుంది. క్లాసులో అందరూ టైమ్ డైలేషన్ అనేది దీన్నే. కదిలే వస్తువు, అది కదిలే దిశలో కురచ అవుతుంది. ఇది లెంగ్త్ కాంట్రాక్షన్. రెండింటిలోనూ ఎంత మార్పు వస్తుందో చెప్పే సంఖ్య ఒకటే. 0.8c వేగానికి అది √(1 − 0.8²) = √0.36 = 0.6.

ఇక్కడి నుంచి రెండు దారులున్నాయి. భూమి మీద నిలబడి చూస్తే నౌకలోని గడియారం కదులుతోంది కాబట్టి నెమ్మదిగా నడుస్తుంది. మన 15 ఏళ్లలో అది 15 × 0.6 = 9 ఏళ్లే చూపిస్తుంది. రెండో దారి నౌకలో కూర్చుని చూడటం. అక్కడివారికి తమ గడియారంలో తేడా ఏమీ ఉండదు. నాడి ఎప్పటిలాగే కొట్టుకుంటుంది, అన్నం ఎప్పటంత సేపే ఉడుకుతుంది. వారి దృష్టిలో కదులుతున్నవి భూమీ, టౌ సెటీ. ఆ రెంటి మధ్య దూరం కురచై 12 × 0.6 = 7.2 కాంతి సంవత్సరాలు అవుతుంది. 7.2 / 0.8 = 9 ఏళ్లు. ఏ దారిన వెళ్లినా జవాబు ఒకటే.

సరిగ్గా ఇక్కడే ఎక్కువమంది విద్యార్థులు మార్కులు పోగొట్టుకుంటారు. రెండూ నిజమే కదా అని రెండింటినీ వరుసగా వాడేస్తారు. ముందు దూరాన్ని 7.2కు తగ్గించి, 9 ఏళ్లు రాగానే, నౌక గడియారం నెమ్మది కదా అని దాన్ని మళ్లీ 0.6తో గుణించి 5.4 ఏళ్లు అని రాస్తారు. నౌకవారి దృష్టిలో వారి గడియారం నెమ్మదించదు. భూమివారి దృష్టిలో దూరం తగ్గదు. ఎవరి లెక్కలోనైనా ఈ రెండింటిలో ఒక్కటే పనిచేస్తుంది. ఇంకొందరు 0.6తో గుణించాల్సిన చోట భాగించి 25 ఏళ్లు తెస్తారు. బయలుదేరేటప్పుడూ చేరేటప్పుడూ దగ్గరే ఉన్న గడియారం ఏదని ప్రశ్నించుకుంటే ఈ రెండో పొరపాటు రాదు. అలా రెండు చోట్లా ఉన్న ఒకే గడియారం నౌకలోదే కాబట్టి తక్కువ కాలం దానిదే. భూమి లెక్కకు మాత్రం రెండు గడియారాలు కావాలి, బయలుదేరే చోట ఒకటి, చేరే చోట ఒకటి.

జవాబు రాశాక సరిచూసుకోవడానికి తేలికైన పద్ధతి కూడా ఉంది. ఒకరు కొలిచిన దూరాన్ని వారే కొలిచిన కాలంతో భాగిస్తే 0.8 రావాలి. 12 / 15 సరిపోతుంది, 7.2 / 9 కూడా సరిపోతుంది. భూమి దూరాన్ని నౌక కాలంతో భాగిస్తే 12 / 9, అంటే కాంతి వేగాన్ని మించిపోతుంది. ఒకరి దూరం, ఇంకొకరి కాలం కలిశాయనడానికి అదే గుర్తు.

పరీక్షకు ఇంతవరకు వస్తే చాలు. కానీ శ్రద్ధగా చదివే విద్యార్థి ఇక్కడ ఆగలేడు. నౌకవారి దృష్టిలో భూమి మీది గడియారమే కదులుతోంది కదా, మరి అదీ నెమ్మదిగానే నడవాలి. వారి 9 ఏళ్లలో అది 9 × 0.6 = 5.4 ఏళ్లే నడవాలి. పై తప్పు జవాబులోని అంకె ఇక్కడ న్యాయంగానే వచ్చింది. అయితే నౌక టౌ సెటి దగ్గర దిగేసరికి అక్కడి గడియారం 15 చూపిస్తుంది. భూమి గడియారంతో సరిపోల్చి పెట్టిన గడియారం అది. ఒకటి 5.4 అంటే, దాని జోడు 15 అనడం ఎలా సాధ్యం?

ఆ రెండు గడియారాలనూ ఎలా సరిపోల్చారో చూస్తే చిక్కు విడిపోతుంది. భూమికీ టౌ సెటికీ సరిగ్గా మధ్యలో ఒక దీపం పెట్టి, ఒక్కసారి వెలిగించారనుకోండి. ఆ వెలుగు తగలగానే రెండు చోట్లా గడియారాలు సున్నా నుంచి మొదలవుతాయి. భూమివారికి దూరాలు సమానం కాబట్టి రెండూ ఒకేసారి మొదలైనట్టే. ఇప్పుడు నౌకలోంచి చూడండి. దీపం నుంచి ఇటు 3.6, అటు 3.6 కాంతి సంవత్సరాలు. కానీ టౌ సెటి ఆ వెలుగుకు ఎదురొస్తోంది, భూమి మాత్రం వెలుగుకు దూరంగా జరిగిపోతోంది. ఎదురొచ్చే టౌ సెటిని వెలుగు 3.6 / 1.8 = 2 ఏళ్లలో కలుస్తుంది. జరిగిపోయే భూమిని అందుకోవడానికి 3.6 / 0.2 = 18 ఏళ్లు పడుతుంది. అంటే నౌకవారి లెక్కలో టౌ సెటి గడియారం 16 ఏళ్ల ముందే మొదలైంది. అది నెమ్మదిగా నడిచే గడియారమే కాబట్టి ఆ 16 ఏళ్లలో 16 × 0.6 = 9.6 ఏళ్లు చూపించి ఉంటుంది.

కనుక భూమి గడియారం సున్నా చూపుతుండగా నౌక భూమిని దాటిన క్షణాన, నౌకవారి లెక్కలో టౌ సెటి గడియారం అప్పటికే 9.6 దగ్గరుంది. ప్రయాణంలో అది 5.4 నడిచింది. 9.6 + 5.4 = 15. దిగేసరికి అక్కడ కనిపించాల్సిన అంకె అదే. దూరంగా ఉన్న రెండు చోట్ల ఏవి ఒకేసారి జరిగాయన్నది కూడా చూసేవారిని బట్టి మారుతుందన్నమాట. మన సిలబస్‌లో టైమ్ డైలేషన్, లెంగ్త్ కాంట్రాక్షన్ సూత్రాలకు ఇచ్చినంత చోటు ఈ మూడోదానికి దక్కకపోవడం నాకు బాధగా ఉంటుంది. ఇది లేకుండా మిగతా రెండూ ఒకదాన్నొకటి కాదంటున్నట్టే కనిపిస్తాయి.

నౌక పొడవు అడిగినప్పుడూ ఇదే కథ. నిలిచి ఉన్నప్పుడు 100 మీటర్లున్న నౌకను 0.8c వేగంలో భూమివారు కొలిస్తే 60 మీటర్లే ఉంటుంది. వెడల్పు, ఎత్తు మారవు. కదిలే వస్తువును కొలవాలంటే ముక్కు ఎక్కడుందో, తోక ఎక్కడుందో ఒకే క్షణంలో గుర్తు పెట్టుకోవాలి. నౌకవారు మాత్రం ఆ గుర్తులు ఒకేసారి పెట్టలేదంటారు: "మీరు ముందు ముక్కు దగ్గర గీత గీశారు, ఆలస్యంగా తోక దగ్గర గీశారు, ఆలోగా మీ కొలబద్ద వెనక్కి జరిగింది, అందుకే మీకు తక్కువ వచ్చింది." వారి లెక్కలో వారి మాట నిజమే.

ప్రశ్నలో 'పరిశీలకుడు చూశాడు' అని రాసినా అర్థం 'కొలిచాడు' అనే. కంటితో చూడటం వేరు. కాంతి రావడానికి పట్టే కాలం కూడా అందులో కలుస్తుంది. నౌక టౌ సెటి చేరిన దృశ్యం భూమి మీది టెలిస్కోపుకు 15 + 12 = 27వ ఏట గానీ అందదు. అదే క్షణంలో టౌ సెటి నుంచి భూమి గడియారాన్ని చూస్తే 3 అని కనిపిస్తుంది. 12 ఏళ్ల కిందట అక్కడ బయలుదేరిన వెలుగు అది.

నౌక అక్కడ ఆగకుండా వెంటనే వెనుదిరిగి అదే వేగంతో వస్తే? భూమి మీద 30 ఏళ్లు, నౌకలో 18 ఏళ్లు. కవలల్లో ఒకరు నౌకలో వెళ్లి ఉంటే తిరిగొచ్చేసరికి నిజంగానే 12 ఏళ్లు చిన్నవారవుతారు. ఇద్దరికీ ఎదుటివారి గడియారమే నెమ్మది కదా అంటే, ఇద్దరూ ఒకే స్థితిలో లేరు. భూమి ఉన్నచోటే ఉంది, నౌక దిశ మార్చుకుంది. వెళ్లేటప్పటి నౌక లెక్కలో ఆ క్షణాన భూమి గడియారం 5.4. తిరిగొచ్చే నౌక లెక్కలో 'ఇప్పుడు' అంటేనే వేరు, అందులో భూమి గడియారం 24.6 దగ్గరుంది. తిరుగు ప్రయాణంలో ఇంకో 5.4 కలిపితే 30. ఇక్కడ నౌక ఒక్క క్షణంలో తిరిగినట్టు అనుకున్నాం. నిజంగా అయితే వేగం తగ్గించుకుంటూ, మళ్లీ పెంచుకుంటూ తిరగాలి, ఆ కాలాన్నీ లెక్కలో కలపాలి.

0.8c వేగం అందుకునే నౌకలు మన దగ్గర లేవు. కానీ ఇదే లెక్కను ప్రకృతి మన నెత్తిమీద రోజూ చేస్తోంది. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు గాలిని ఢీకొన్నప్పుడు, భూమికి సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున మ్యూయాన్లనే కణాలు పుడతాయి. వాటి సగటు ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లు. 0.998c వేగంతో పోయినా అంత కాలంలో 660 మీటర్లే వెళ్లగలవు. ఆ లెక్కన కోటి బయలుదేరితే ఒక్కటైనా నేల చేరకూడదు. కానీ అవి పుష్కలంగా చేరుతున్నాయి. ఇలాంటి కణాల ఆయుష్షు ఐన్‌స్టీన్ సిద్ధాంతానికి నేరుగా పరీక్ష కాగలదని హోమీ భాభా 1938లోనే రాశారు. 1941లో బ్రూనో రాస్సీ, డేవిడ్ హాల్ అమెరికాలోని కొలరాడోలో వేర్వేరు ఎత్తుల దగ్గర వాటిని లెక్కపెట్టి, వేగం ఎక్కువున్నవి ఎక్కువ కాలం బతుకుతున్నాయని చూపించారు.

0.998c వేగానికి గుణకం 16కు దగ్గరగా ఉంటుంది. మన లెక్కలో మ్యూయాన్ ఆయుష్షు దాదాపు 35 మైక్రోసెకన్లకు సాగుతుంది. గాలిలో శక్తి కోల్పోవడాన్ని పక్కన పెడితే, పుట్టినవాటిలో దాదాపు నాలుగో వంతు నేలను తాకుతాయి. మ్యూయాన్ లెక్కలో దాని ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లే, కానీ 15 కిలోమీటర్ల గాలి కిలోమీటరు లోపుకు కుంచించుకుపోతుంది. అటునుంచి లెక్క వేసినా అదే నాలుగో వంతు వస్తుంది. ఎవరైనా 35 మైక్రోసెకన్ల ఆయుష్షునూ కిలోమీటరు గాలినీ ఒకే లెక్కలో కలిపితే, దాదాపు అన్నీ నేల చేరిపోవాలి. పరీక్ష పేపర్లో 5.4 రాసిన పొరపాటే ఇదీ. అయితే ఇక్కడ దాన్ని దిద్దేది కణాలను లెక్కపెట్టే డిటెక్టరు.