నోటీసులో ఆ తొమ్మిది వేలు

ఓ హార్డ్‌వేర్ షాపు యజమాని 50,000 రూపాయల పెయింట్లు కొని, 18 శాతం జీఎస్టీ కింద 9,000 కట్టాడు. తన అమ్మకాల పన్నులోంచి ఆ 9,000 తగ్గించుకున్నాడు. ఇదే ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్. తర్వాత ఏఎస్‌ఎమ్‌టీ-10 నోటీసు వచ్చింది: ‘ఎక్సెస్ ఐటీసీ 9,000’. అంటే మోసం చేశాడని కాదు. ఆ క్రెడిట్ జీఎస్టీఆర్-2బిలో కనబడలేదని. 2బి నిండేది సరుకు అమ్మినవాళ్ల రిటర్నుతోనే.

బిల్లు తీసి చూడండి. ‘టాక్సబుల్ వాల్యూ’ 50,000. పన్నుతో కలిపిన 59,000 ‘ఇన్‌వాయిస్ వాల్యూ’. అసలు చిక్కు తరచూ మీ జీఎస్టీ నంబరు దగ్గరే. తెలంగాణది 36తో, ఆంధ్రప్రదేశ్‌ది 37తో మొదలయ్యే ఆ పదిహేనింటిలో ఒక్కటి తప్పు కొట్టినా క్రెడిట్ మీకు చేరదు. అమ్మినవాళ్లే సవరించాలి. ఈలోగా బిల్లు, చెల్లింపు రుజువు జతచేసి, నోటీసులోని గడువులోపే ఏఎస్‌ఎమ్‌టీ-11లో జవాబివ్వండి.