పరిచయం అడగని పరీక్ష

ఐఈఎల్‌టీఎస్‌కు తయారయ్యేవాళ్లు స్పీకింగ్ అనగానే ముందుగా బట్టీ పట్టేది తమ గురించి తాము చెప్పుకునే పేరా. పేరు, ఊరు, నాన్నగారి ఉద్యోగం, చదువు, హాబీలు, చివర్లో ‘దట్స్ ఆల్ అబౌట్ మీ’. క్యాంపస్ ఇంటర్వ్యూల కోసం కాలేజీలో నేర్పిన పేరానే చాలామంది ఇక్కడికీ మోసుకొస్తారు. చిక్కేమిటంటే ఈ పరీక్షలో ‘మీ గురించి చెప్పండి’ అన్న ప్రశ్నే ఉండదు.

మొత్తం సంభాషణ 11 నుంచి 14 నిమిషాలు సాగుతుంది, అంతా రికార్డవుతుంది. ఎగ్జామినర్ పూర్తి పేరు అడిగి, పాస్‌పోర్టు చూసి, మొదటి భాగంలోకి వెళ్తారు. దానికి నాలుగైదు నిమిషాలు. ఉద్యోగమా చదువా, ఉండేది ఎక్కడ అని మొదలుపెట్టి, వర్షం, బహుమతులు, పొద్దున్నే చేసే పనులు లాంటి మామూలు విషయాలు ఒకటి రెండింటి మీద చిన్న చిన్న ప్రశ్నలు వేస్తారు. ప్రశ్నలు ముందే అచ్చయి ఉంటాయి. ఈ భాగంలో అర్థం కాలేదంటే ఎగ్జామినర్ అదే ప్రశ్నను మళ్లీ చదువుతారు తప్ప విడమరిచి చెప్పరు. అంటే అభ్యర్థి పరిచయం ఒకేసారి కాదు, పది పన్నెండు జవాబుల్లో ముక్కలు ముక్కలుగా జరిగిపోతుంది. బట్టీ పట్టిన పేరాకు అందులో చోటెక్కడ?

ఖమ్మంలో ఒక ఆసుపత్రి పిల్లల వార్డులో పనిచేసే నర్సమ్మాయిని ఊహించుకుందాం. బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావాలంటే ఆమెకు స్పీకింగ్‌లో 7 బ్యాండ్ రావాలి. మార్కులు నాలుగు విషయాలకు వేస్తారు: మాట తడబడకుండా, ఒకదానికొకటి అతికేలా సాగడం, పదజాలం, వ్యాకరణం, ఉచ్చారణ. నాలుగింటికీ సమాన విలువ. రెండింట్లో 7, రెండింట్లో 6 వస్తే సగటు 6.5 అవుతుంది, దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. ఈ మార్కులు మూడు భాగాలూ కలిపి చూసి వేసేవి, మొదటి భాగానికి విడిగా ఏమీ ఉండవు.

మొదటి ప్రశ్న: ‘డు యు వర్క్ ఆర్ ఆర్ యు ఎ స్టూడెంట్?’ పేరా సిద్ధం చేసుకున్న అమ్మాయి ‘మైసెల్ఫ్’ అని మొదలుపెట్టి, ఊరూ తల్లిదండ్రులూ దాటుకుంటూ బీఎస్సీ నర్సింగ్ దాకా వస్తుంది. అడిగిన దానికి జవాబు ఎక్కడో నాలుగో వాక్యంలో దొరుకుతుంది, ఈలోగా ఎగ్జామినర్ ఆపి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోవచ్చు. అది కోపం కాదు, గడియారం. కానీ మధ్యలో తెగిన పేరాను మళ్లీ ఎక్కడ అందుకోవాలో తెలియక అమ్మాయి కంగారు పడుతుంది.

అదే అమ్మాయి ఇలా అంటే? ‘ఐ వర్క్, యాక్చువల్లీ. ఐ యామ్ ఎ నర్స్ ఇన్ ఎ చిల్డ్రన్స్ వార్డ్, మోస్ట్‌లీ ఆన్ నైట్ షిఫ్ట్స్, సో మై డే స్టార్ట్స్ వెన్ ఎవ్రీబడీ ఎల్స్ ఈజ్ హావింగ్ డిన్నర్.’ జవాబు మొదటి రెండు మాటల్లోనే వచ్చేసింది. తర్వాత ఒక వివరం, దాని వల్ల తన రోజు ఎలా మారిందో ఒక ముక్క. రెండు వాక్యాలతో సరిపోయింది. మొదటి భాగంలో ఏ జవాబైనా రెండు నుంచి నాలుగు వాక్యాలుంటే చాలు.

తర్వాతి ప్రశ్న, ఉద్యోగంలో మీకు నచ్చేదేమిటి? ఇక్కడ పదజాలం బయటపడుతుంది. ‘జాబ్ ఈజ్ వెరీ గుడ్, డాక్టర్స్ ఆర్ వెరీ గుడ్, హాస్పిటల్ ఈజ్ వెరీ గుడ్’ అంటే తప్పేమీ లేదు, ఒకే మాట మూడుసార్లు దొర్లింది, అంతే. దీనికి విరుగుడుగా కొందరు బరువైన మాటల జాబితాలు అప్పజెబుతారు. ‘ప్లెథోరా’ను ఎలాగైనా ఒక వాక్యంలో ఇరికించాలని అవస్థ పడే అభ్యర్థి మీద నాకు జాలే వేస్తుంది. ఆ మాట పక్క మాటలతో కలవక పోతే లాభం కంటే నష్టమే ఎక్కువ.

వైవిధ్యం ఎక్కువగా సొంత అనుభవంలోంచి వస్తుంది. ‘ద చిల్డ్రన్, మెయిన్‌లీ. వన్ మినిట్ దే ఆర్ స్క్రీమింగ్ ఎట్ ద సైట్ ఆఫ్ ఎ నీడిల్, అండ్ హాఫ్ యాన్ అవర్ లేటర్ దే వాంట్ టు ప్లే విత్ మై స్టెతస్కోప్. ద పేపర్‌వర్క్ ఐ కుడ్ డు వితౌట్.’ ఇందులో నిఘంటువు తీయాల్సిన మాట ఒక్కటీ లేదు. అయినా ‘ఎట్ ద సైట్ ఆఫ్’ అనే పదబంధం, రాతకోతలంటే విసుగని చెప్పడానికి వాడిన ‘కుడ్ డు వితౌట్’ అనే నుడికారం చక్కగా అమరాయి. సూది చూసి ఏడ్చే పిల్లాణ్ని చెప్పాలనుకున్నప్పుడు ఆ సందర్భమే మాటను వెతికి తెచ్చింది. చెప్పింది నిజమా కాదా అని ఎగ్జామినర్ ఆరా తీయరు. కానీ జరిగిన సంగతి చెబుతున్నప్పుడు మాట తట్టడం తేలిక.

ఇక వేగం. గడగడా మాట్లాడితేనే ఫ్లూయెన్సీ అన్న అపోహ మనవాళ్లలో బాగా ఉంది. తెలుగులో మనం ప్రతి అక్షరానికీ ఇంచుమించు దాని వంతు సమయం ఇచ్చి పలుకుతాం. ఇంగ్లిష్‌లో ముఖ్యమైన మాటలను సాగదీసి నొక్కి, ‘ఆఫ్’, ‘టు’, ‘ద’ లాంటి వాటిని నొక్కేసి దాటేస్తారు. తెలుగు లయ మార్చకుండా వేగం మాత్రమే పెంచితే వినేవాళ్లకు ఏది ముఖ్యమో చెవికి తగలదు. మన యాసకు మార్కులు తెగవు. వినేవాళ్లు అర్థం చేసుకోవడానికి శ్రమపడాల్సి వస్తేనే తెగుతాయి.

బట్టీ దొరికిపోయేది కూడా వేగం దగ్గరే. కంఠతా వచ్చిన నాలుగు వాక్యాలు ఎక్కడా ఆగకుండా, ఎత్తుపల్లాలు లేకుండా ఒకే స్వరంలో పరుగెడతాయి. వెంటనే ‘వై?’ అని ఒక్క మాట అడిగితే బండి ఒక్కసారిగా మొదటి గేరులోకి పడుతుంది. వాక్యాలు పొట్టివవుతాయి, వ్యాకరణం జారుతుంది. ఆ తేడా వినడానికి పెద్ద చెవి అక్కర్లేదు.

ఆగడం తప్పు కాదు, ఎక్కడ ఆగారన్నదే లెక్క. పై బ్యాండ్లలో అభ్యర్థి ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ ఆగుతారు, కింది బ్యాండ్లలో ఏ మాట వాడాలా అని వెతుక్కుంటూ ఆగుతారు. దీన్ని ఇంట్లోనే పట్టుకోవచ్చు. నాలుగు జవాబులు ఫోన్లో రికార్డు చేసి, విన్నది విన్నట్టు కాగితం మీద రాసి, ఆగిన ప్రతిచోటా గీత పెట్టాలి. ‘ఐ వర్క్ ఇన్ ద’ తర్వాత గీత పడితే అది మాట కోసం వెతుకులాట. వాక్యం చివరో, ‘బికాజ్’ ముందో పడితే ఊపిరి తీసుకోవడం, ఆలోచించుకోవడం. మొదటి రకం గీతలు ఎక్కువగా ఉంటే ఆ చోట్ల దొరకని మాటలేవో రాసుకుని, మర్నాడు అవే ప్రశ్నలకు వేరే జవాబులు చెప్పాలి. అవే జవాబులు మళ్లీ చెబితే గీతలు తగ్గుతాయి నిజమే, కానీ అప్పటికి అది ఇంకో బట్టీ పేరా అయిపోతుంది.