జాడీ చప్పుడు చేయకూడదు

అట్టపెట్టె అడుగున నలిపిన కాగితాలు మెత్తగా పరిచి ఉన్నాయి. హమాలీ ఖాళీ ఆవకాయ జాడీ లోపల కాగితం కుక్కి, మూతను విడిగా చుడతాడు. జాడీకి బబుల్ షీటు రెండు చుట్లు చుట్టి పెట్టెలో నిలువుగా దించుతాడు. పక్క సందుల్లో మళ్లీ కాగితం కూరి టేపు వేస్తాడు. తర్వాత పెట్టెను చెవి దగ్గరికి ఎత్తి మెల్లగా ఊపుతాడు. చప్పుడు రాదు.

సామాను తరలించే కంపెనీకి 45 సెకన్ల ప్రకటన రాయాలంటే మొదటి 12 సెకన్లు ఈ దృశ్యానికే ఇవ్వాలి. మాటలు అక్కర్లేదు, టేపు లాగిన శబ్దం వినిపిస్తే చాలు.

జాడీనే ఎందుకంటే, గుంతల రోడ్డు మీద లారీ ఎగిరినప్పుడు పెట్టెలో ఖాళీ ఉంటే వస్తువు కదిలి గోడకు కొట్టుకుంటుంది. గాజు, పింగాణీ ఎక్కువగా అలాగే పగులుతాయి. చప్పుడు లేని పెట్టె అంటే ఖాళీ లేని పెట్టె అని చూసేవాళ్లకు ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. నవ్వుతున్న కుటుంబాన్ని, దూసుకెళ్లే లారీని, ‘నూటికి నూరు శాతం భద్రం’ అన్న అక్షరాలను ఎంతసేపు చూపినా ఆ సంగతి తెలియదు.

మిగిలిన 33 సెకన్లలో నిదానంగా చదివితే సుమారు 60 తెలుగు మాటలు పడతాయి. హైదరాబాద్ నుంచి విశాఖకు వెళ్లే రెండు పడకగదుల ఇంటిని ఉదాహరణగా తీసుకుని, అంకెలు ఊహించి రాస్తే ఆ మాటలు ఇలా ఉంటాయి:

“ప్యాకింగ్, ఎక్కింపు, దింపుడు అన్నీ కలిపి 24,000 రూపాయలు. జీఎస్టీతో 28,320. లిఫ్టు లేకపోతే అంతస్తుకు 500 అదనం. బీమా వేరు: మూడు లక్షల సామానుకు 4,500. పాలసీ మీ పేరు మీద, లారీ కదలకముందే మీ చేతికి. నగలు, నగదు మాత్రం మీ వెంటే ఉంచుకోండి. శనివారం ఎక్కిస్తే సోమవారం సాయంత్రం ఆరులోపు మీ ఇంటికి. ఆలస్యమైతే రోజుకు వెయ్యి తగ్గిస్తాం.”

ఇందులో ఎక్కడా ‘నుంచి’ అన్న మాట లేదు. ‘9,999 నుంచి’ అని పెద్ద అక్షరాల్లో వేసి, పక్కన చుక్క గుర్తు పెట్టి, షరతులను చీమ తలంత అక్షరాల్లో రాయడం ఈ వ్యాపారంలో పాత అలవాటు. దింపే రోజున మెట్ల చార్జీ, పన్ను ఒక్కొక్కటే బయటికొస్తాయి. అప్పటికి సామాను లారీలోనే ఉంటుంది కాబట్టి ఇంటివాళ్లు వాదించలేరు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, షరతును ప్రకటన చేసిన భాషలోనే స్పష్టంగా చూపాలి. ప్రధాన వాగ్దానాన్ని షరతు తలకిందులు చేయకూడదు.

బీమా వాక్యాన్ని మరీ జాగ్రత్తగా రాయాలి. కొటేషన్‌లో ‘ఇన్సూరెన్స్ 3 శాతం’ అని వసూలు చేసి, అసలు పాలసీయే తీసుకోని వాళ్లున్నారు. తరలింపు కంపెనీ తనంతట తాను బీమా సంస్థ కాలేదు. ఐఆర్‌డీఏఐ నమోదు ఉన్న సంస్థే పాలసీ ఇవ్వాలి. అందుకే స్క్రిప్టులో ‘బీమా ఉంది’ అనకుండా ‘పాలసీ మీ చేతికి’ అన్నారు. కాగితం చేతికొస్తే బీమా సంస్థ పేరు, పాలసీ నంబరు, సామాను విలువ సరిచూసుకోవచ్చు. ఆ విలువ తక్కువ రాయించినా ఇబ్బందే. మూడు లక్షల సామానును లక్షన్నరకే బీమా చేయిస్తే, 20,000 రూపాయల టీవీ పగిలినప్పుడు సాధారణంగా సగమే చేతికొస్తుంది.

గడువు విషయంలో అసలు తేడా లారీలోనే ఉంది. మీ సామానుకే లారీ కట్టించుకుంటే సుమారు 620 కిలోమీటర్ల దారి ఒక రోజు ప్రయాణం. పలువురి సామాను కలిపి పంపితే ధర తగ్గుతుంది కానీ, లారీ నిండేదాకా గోదాములో ఎదురుచూడాలి. ‘రెండు మూడు రోజుల్లో’ అన్న మాటలో ఆ రోజులు ఎక్కింపు నుంచా, లారీ బయలుదేరినప్పటి నుంచా అన్నది తెలియదు. ‘శనివారం ఎక్కిస్తే సోమవారం ఆరులోపు’ అన్నచోట ఆ సందేహం లేదు, తప్పితే ఎంత తగ్గిస్తారో కూడా ఉంది.

ప్రకటనలో విన్న ధర, పాలసీ, గడువు మూడూ కొటేషన్ కాగితం మీదికి వచ్చాకే అడ్వాన్సు ఇవ్వండి. సామాను సర్దే రోజున ఒక పెట్టెను మీరే ఎత్తి ఊపి చూడండి. చప్పుడొస్తే అక్కడే విప్పించి మళ్లీ సర్దించండి.