రెండు లోగోలు, ఒకే స్లైడు

ఒక్క లోగోనే ఉంటే దాన్ని స్లైడు మీద ఎక్కడ పెట్టాలన్నది పెద్ద చర్చ కాదు. ఒక మూల ఎంచుకుని, ప్రతి స్లైడులోనూ అక్కడే ఉంచితే చాలు. చిక్కంతా భాగస్వామి లోగో వచ్చి పక్కన చేరినప్పుడే. ఒకరి లోగో పొడుగ్గా ఉంటుంది, మరొకరిది గుండ్రంగా ఉంటుంది. రెండింటినీ ఒకే ఎత్తులో పెడితే గుండ్రటి లోగో వాళ్లు మమ్మల్ని చిన్నబుచ్చారంటారు. దాన్ని పెద్దది చేస్తే రెండోవాళ్లకు కోపం. మీటింగుకు ముందు రోజు రాత్రి ఈ సర్దుబాటు కంటిచూపుతో తేలదు. ముందే రాసి పెట్టుకున్న కొలత ఒకటి కావాలి.

ఆ కొలతను సెంటీమీటర్లలో రాయకూడదు. స్లైడు మీద ఒక సెంటీమీటరు ఖాళీ సరిపోతుందనుకుంటే, అదే లోగో విజిటింగ్ కార్డు మీదికి వెళ్లినప్పుడు ఆ సెంటీమీటరుకే సగం కార్డు పోతుంది. అందుకే డిజైనర్లు లోగోలోనే ఉన్న ఒక భాగాన్ని కొలతగా తీసుకుంటారు. మామూలుగా అది ఒక అక్షరం ఎత్తు. దాన్ని x అనుకుని, నాలుగు వైపులా కనీసం ఒక x ఖాళీ వదలాలని నియమం పెడతారు. లోగో పెరిగితే ఖాళీ పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఆ జాగాలోకి శీర్షిక, తేదీ, స్లైడు నంబరు, ఫోటో అంచు ఏదీ రాకూడదు. క్లియర్ స్పేస్ అంటే ఇదే.

తెలుగు అక్షరాలతో చేసిన లోగోకు ఇక్కడ ప్రత్యేకమైన జాగ్రత్త కావాలి. ఇంగ్లిషు పుస్తకాల్లో చూసిన కొలతను యథాతథంగా దించుకుంటే తప్పు జరుగుతుంది. లోగోలో 'సమృద్ధి' అనే మాట ఉందనుకుందాం. 'స' అక్షరం తలకట్టుతో సహా ఒక ఎత్తులో ఆగిపోతుంది. 'ద్ధి' మాత్రం పైన గుడితో, కింద ఒత్తుతో రెండు వైపులా సాగుతుంది. కాబట్టి x కోసం ఒత్తు లేని 'స' ఎత్తునే తీసుకోవాలి. ఖాళీని మాత్రం ఒత్తు అడుగు నుంచి, గుడి కొస నుంచి లెక్కపెట్టాలి. అక్షరం అడుగు నుంచి కొలిస్తే కింది వరుస సరిగ్గా ఒత్తుకు వచ్చి తగులుతుంది. ఎక్కడో ఇరుకుగా ఉందనిపిస్తుంది గానీ కారణం వెంటనే తోచదు.

ఇప్పుడు జంట లోగోల లెక్క ఒకటి వేసి చూద్దాం. స్లైడు పవర్‌పాయింట్‌లో మామూలుగా వచ్చే వైడ్‌స్క్రీన్‌ది. దాని వెడల్పు 33.87 సెంటీమీటర్లు, ఎత్తు 19.05. మన లోగో ఆ 'సమృద్ధి' లాంటి పొడుగు మాట. మొదటి స్లైడు మీద దాని వెడల్పు 8 సెంటీమీటర్లు, గుడి ఒత్తులతో కలిపి ఎత్తు 2, 'స' ఎత్తు 1. భాగస్వామిది నిండు రంగు పూసిన గుండ్రటి ముద్ర.

దాన్ని కూడా 2 సెంటీమీటర్ల ఎత్తులో పెట్టామనుకోండి. మన లోగో 16 చదరపు సెంటీమీటర్ల పెట్టెలో ఉంటే, వాళ్లది 4 చదరపు సెంటీమీటర్ల పెట్టెలో పడుతుంది. నాలుగో వంతు! వాళ్ల ఫిర్యాదులో న్యాయముంది. పోనీ వైశాల్యం సమానం చేద్దామని గుండ్రటి ముద్రను 4 సెంటీమీటర్లకు పెంచితే, అది మీద పడ్డట్టు కనిపిస్తుంది. మాటలో అక్షరాల మధ్య బోలెడు తెల్లటి జాగా ఉంటుంది, ముద్ర నిండా రంగే. సరైన కొలత ఈ 2కూ 4కూ మధ్యలో ఉంటుంది. నేనైతే 3 దగ్గర మొదలుపెడతాను. తర్వాత నాలుగడుగులు వెనక్కి జరిగి, కళ్లు సగం మూసి చూడాలి. ముందుగా కంటికి తగిలేది ఏదైతే దాన్ని కొద్దిగా తగ్గించాలి. ఏదీ ముందుగా తగలకపోతే కొలత కుదిరినట్టే.

రెండింటి మధ్య సన్నటి నిలువు గీత పెడితే మంచిది. 'ఇవి రెండు సంస్థలు' అన్న సంగతి దాంతో తేటగా తెలుస్తుంది. గీత లేకపోతే గుండ్రటి ముద్ర మన మాటకు మొదటి గుర్తులా కలిసిపోయే ప్రమాదముంది. అయితే గీత కూడా ఒక వస్తువే కాబట్టి ఏ లోగో ఖాళీ జాగాలోకీ అది రాకూడదు. మన నియమం ప్రకారం 1 సెంటీమీటరు కావాలి. భాగస్వామి నియమం ముద్ర వెడల్పులో నాలుగో వంతు అనుకుందాం, అంటే 0.75. రెండింటిలో పెద్దదాన్ని తీసుకుని గీతకు ఇరువైపులా ఒక్కో సెంటీమీటరు వదలాలి. గీత మందం వదిలేస్తే మొత్తం 13 సెంటీమీటర్లు. మొదటి స్లైడులో హాయిగా పడుతుంది.

లోపలి స్లైడుల్లో ఈ జంటను విడదీయకుండా గ్రూపు చేసి సగానికి తగ్గిస్తే 6.5 సెంటీమీటర్లు అవుతుంది. ఖాళీలు కూడా దాంతోపాటే సగమవుతాయి, మళ్లీ లెక్క అక్కర్లేదు. ఇక్కడ చూడాల్సింది ఒక్కటే. తమ లోగో ఇంతకంటే చిన్నది కాకూడదని చాలా సంస్థలు కనీస పరిమాణం పెట్టుకుంటాయి. భాగస్వామి ముద్ర 2 సెంటీమీటర్లకు తగ్గకూడదని ఉంటే, 1.5కు దించే వీలు లేదు. అప్పుడు లోపలి స్లైడుల్లో లోగోలు మానేసి, మొదటి స్లైడులో, చివరి స్లైడులో మాత్రమే జంటను ఉంచడం మేలు. భాగస్వాములు ముగ్గురు దాటితే ఎలాగూ అదే దారి. ఇక ఎవరిది ముందు అన్న ప్రశ్నకు నా జవాబు: డెక్ ఎవరి టెంప్లేటులో ఉందో, ఎవరు సభ నడుపుతున్నారో వాళ్లది ఎడమన. ఒప్పందంలో వేరే మాట రాసుకుని ఉంటే దాని ప్రకారమే.

లెక్క సరిగ్గా వేసినా ఫైలు దగ్గర దెబ్బతినేవాళ్లు ఎందరో. భాగస్వామి పంపిన PNG ఫైలులో లోగో చుట్టూ కంటికి కనబడని పారదర్శకపు అంచు ఉండొచ్చు. పవర్‌పాయింట్ చూపే కొలత ఆ అంచుతో కలిపి చెప్పేది. 3 సెంటీమీటర్లని అంకె వేస్తాం, తెర మీద ముద్ర 2.4 దగ్గరే ఆగుతుంది. బొమ్మ మీద నొక్కితే చుట్టూ వచ్చే చట్రం, రంగు అంచుకు దూరంగా ఉందంటే సంగతి ఇదే. ముందు క్రాప్‌తో ఆ అంచును కోసేసి, తర్వాతే కొలవాలి. 'అలైన్ మిడిల్' నొక్కినప్పుడు కూడా అది చట్రాల మధ్యనే కలుపుతుంది. మన మాటకు కింద ఒత్తు వేలాడుతుంది కాబట్టి అక్షరాల వరుస ముద్ర నడిమికంటే కాస్త పైన నిలుస్తుంది. అప్పుడు బాణం మీటతో మాటను నాలుగు చుక్కలు కిందికి దించుకోవాలి.

ఖాళీ సరిచూడటానికి స్కేలు అక్కర్లేదు. 'స' ఎత్తుకు సరిపోయే చతురస్రం ఒకటి గీసి, నకళ్లు తీసి లోగోకు నాలుగు వైపులా ఆనించి చూడండి. ఏ చతురస్రం కిందనైనా అక్షరమో గీతో కనిపిస్తే అక్కడ నియమం తప్పినట్టు. చూశాక చతురస్రాలు తీసేయండి. ఇదంతా ఒక్కో స్లైడులో కాకుండా స్లైడ్ మాస్టర్‌లో చేసి పెడితే, తర్వాత స్లైడులు చేర్చేవాళ్ల చేయి తగిలి లోగో జరగదు. భాగస్వామితో ఉన్న మాస్టర్‌ను వేరే ఫైలుగా దాచుకోవాలి. లేకపోతే ఒప్పందం ముగిసినా వాళ్ల లోగో మన కొత్త డెక్‌లలో తిరుగుతూనే ఉంటుంది.

భాగస్వామి ప్రభుత్వ శాఖ అయినప్పుడు మాత్రం కొలతలకంటే ముందు చట్టం వస్తుంది. మూడు సింహాల జాతీయ చిహ్నాన్ని నెట్‌లో నుంచి దించుకుని మన లోగో పక్కన పెట్టేసే అలవాటు స్టార్టప్‌లలో కనిపిస్తోంది. ప్రభుత్వానికి సంబంధించినదనే భావన కలిగేలా ఆ చిహ్నాన్ని అనుమతి లేకుండా వాడటాన్ని 2005 నాటి చట్టం నిషేధిస్తోంది. శాఖ వాళ్లు నోటిమాటగా సరేనన్నా అది చాలదు. రాతపూర్వకమైన అనుమతి చేతికొచ్చేదాకా నిలువు గీతకు అవతల శాఖ పేరును మామూలు అక్షరాల్లో, అదే x ఖాళీతో రాయండి.