వాచీ బెల్టు మీద తెల్లపొర: ప్రతిదీ బూజు కాదు

జులై, ఆగస్టు నెలల్లో అలమర తెరిచి వాచీ తీస్తే తోలు బెల్టు మీద తెల్లటి పొర కనిపిస్తుంది. బూజనుకుని తుడిచేస్తాం. నాలుగు చుక్కల కొబ్బరినూనె రాసి కాసేపు ఎండలో పెడతాం. వారం తిరక్కుండా ఆ తెలుపు మళ్లీ వస్తుంది. ఈసారి బెల్టు బిగుసుకుపోయి, వంచితే సన్నగా పగుళ్లు కూడా కనిపిస్తాయి. తెలుపు ఏమిటో తేల్చుకోకుండా వైద్యం చేయడం వల్ల వచ్చే చిక్కు ఇది. తోలు మీద వచ్చే తెలుపులు మూడు రకాలు. ఒకదానికి పనికొచ్చే ఉపాయం ఇంకోదాన్ని పెంచుతుంది.

మొదటిది నిజమైన బూజు. ఇది ఒక్క తీరుగా పరచుకోదు. చుక్కలు చుక్కలుగా, కాస్త నూగులా లేస్తుంది. కుట్టు వెంబడి, రంధ్రాల చుట్టూ, చర్మానికి తగిలే లోపలి పొర మీద ముందు కనిపిస్తుంది. చెమట, చర్మపు జిడ్డు చేరేది అక్కడే కాబట్టి దానికి తిండి దొరికేదీ అక్కడే. ముక్కు దగ్గర పెట్టుకుంటే ముక్కిపోయిన వాసన వస్తుంది.

రెండోది కొవ్వు. తోలు మెత్తగా ఉండాలని తయారీలోనే దానికి నూనెలు పట్టిస్తారు. వాటిలో గడ్డకట్టే గుణమున్న కొవ్వులు మెల్లగా పైకి వచ్చి పలచగా, సమంగా, మైనం పూసినట్టు కనిపిస్తాయి. బెల్టు వంగే చోట ఇది ఎక్కువ. కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. అందుకే నూనె రాసిన బెల్టును ఏసీ గదిలో ఉంచితే తెల్లారేసరికి తెల్లబడవచ్చు. మనమే రాసిన నూనెను చూసి బూజని బెదిరి, మళ్లీ అదే నూనె రాస్తుంటాం.

మూడోది ఉప్పు. చెమటలోని ఉప్పు, తోలులోనే మిగిలిన లవణాలు తడిలో కరిగి, ఆరేటప్పుడు పైకి వచ్చి నిలుస్తాయి. తడి ఎంతవరకు పాకిందో ఆ అంచు వెంబడి గీతలా కనిపిస్తుంది. వేలితో రాస్తే కాస్త గరుకుగా తగులుతుంది.

ఈ మూడింటినీ ఇంట్లోనే వేరుచేసి చూడవచ్చు. హెయిర్ డ్రయ్యర్‌ను తక్కువ వేడిలో ఉంచి, జానెడు దూరం నుంచి కొన్ని క్షణాలు గాలి తగిలించండి. కొవ్వయితే కరిగి మాయమవుతుంది. బూజూ ఉప్పూ కదలవు. అప్పుడు తడిపి గట్టిగా పిండిన గుడ్డతో ఒక మూల అద్ది చూడండి. ఉప్పయితే వెంటనే కరుగుతుంది, ఆరాక మళ్లీ తేలుతుంది. ఈ రెండింటికీ లొంగక, వాసన కూడా ఉంటే అది బూజే.

ఒక నలుపు సంగతి కూడా చెప్పుకోవాలి. బకిల్ చుట్టూ, వాచీకి బెల్టును పట్టి ఉంచే పిన్నుల దగ్గర నల్లటి మరకలు వస్తే చాలామంది దాన్నీ బూజనే అనుకుంటారు. తోళ్లను పదును చేసే పద్ధతుల్లో ప్రధానమైనవి రెండు. ఒకటి క్రోమియం లవణాలతో, రెండోది చెట్ల బెరడులు, కాయలతో. మన వైపు తంగేడు చెక్క, కరక్కాయ ఈ పనికి పేరుపడ్డవి. ఇలా బెరడుతో పదును చేసిన తోలుకు తడిలో ఇనుము తగిలితే నల్లబడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీటితో గీస్తే నలుపు తేలేది ఈ చర్య వల్లే. బెల్టు మీద అది అక్కర్లేని కలంకారీ. తుడిస్తే పోదు. తుప్పుపట్టిన పిన్నులు తీసేసి స్టెయిన్‌లెస్ స్టీలువి వేయిస్తే కొత్త మరకలు రావు.

ఇక బిగుసుకుపోవడం, పగలడం. దీనికి వాననే నిందిస్తాం కానీ, చాలాసార్లు తప్పు ఆరబెట్టిన తీరులో ఉంటుంది. తోలంటే సన్నటి పోగులు ఒకదానిలో ఒకటి అల్లుకున్న చాప. పోగుల మధ్య ఉండే కొవ్వు వల్ల అవి ఒకదాని మీద ఒకటి జారుతూ కదులుతాయి. బాగా తడిసినప్పుడు ఆ చోట్లోకి నీరు చేరుతుంది. నీరు పోయేటప్పుడు పోగులను దగ్గరికి లాగుతుంది. నెమ్మదిగా ఆరితే, మధ్యమధ్య చేత్తో కదిలిస్తే, పోగులు సర్దుకుంటాయి. ఎండలోనో, స్టవ్ పక్కనో, ఫ్రిజ్ వెనకో పెట్టి గబగబా ఆరబెడితే అతుక్కుపోతాయి. తడిసిన తోలు పొడి తోలుకన్నా చాలా తక్కువ వేడికే ముడుచుకుంటుంది. అలా ఒకసారి ముడుచుకున్న పోగును ఏ నూనే తిరిగి సాగదీయలేదు. బెరడుతో పదును చేసిన తోలుకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఒక సందర్భాన్ని మొదటినుంచి చివరిదాకా చూద్దాం. కాకినాడలో బైకు మీద ఆఫీసు నుంచి ఇంటికి వస్తూ ఒకాయన నిలువునా తడిశాడు. చేతికి ముదురు గోధుమరంగు తోలు బెల్టు వాచీ. ఇల్లు చేరాక మొదటి పని బెల్టును వాచీ నుంచి విడదీయడం. పిన్ను తీసే చిన్న పనిముట్టు వాచీలు బాగుచేసే వాళ్ల దగ్గర దొరుకుతుంది. విడదీయకపోతే పిన్ను ఉండే మడతలో నీరు నిలిచి, బూజు, తుప్పు రెండూ అక్కడే మొదలవుతాయి. వాన నీటిలో రోడ్డు బురద కలిసి ఉంటుంది కాబట్టి మంచినీటిలో తడిపి పిండిన గుడ్డతో ఒకసారి తుడవాలి. తర్వాత రెండు ముక్కలనూ పాత నూలు తువ్వాలులో పెట్టి అరచేత్తో అదమాలి. పిండకూడదు, మెలితిప్పకూడదు.

ఆ తర్వాత వాటిని పొడి గుడ్డ మీద లోపలి పొర పైకి వచ్చేలా చదునుగా పరిచి, ఫ్యాను గాలి తగిలేలా ఉంచాలి. ఏసీ ఉంటే ఇంకా మంచిది, అది గదిలోని తేమను లాగేస్తుంది. రాత్రి పడుకునే ముందు ఒకసారి, పొద్దున ఒకసారి తిరగేసి, చేత్తో మెల్లగా అటూ ఇటూ వంచాలి. కాకినాడలాంటి సముద్రతీరంలో వానాకాలంలో బెల్టు పూర్తిగా ఆరడానికి రెండు రోజులు పట్టినా ఆశ్చర్యం లేదు. ఆరిందో లేదో వేలికి సరిగా తెలియదు. చెంపకు ఆనించి చూడాలి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

చల్లదనం పోయాక కొవ్వును కొంత తిరిగి ఇవ్వాలి. చెప్పుల దుకాణాల్లో రంగులేని లెదర్ క్రీము అమ్ముతారు. ఒక్కో ముక్కకు బియ్యపు గింజంత చాలు. మెత్తటి గుడ్డతో పై వైపు మాత్రమే పలచగా రాసి, గంట ఆగి పొడి గుడ్డతో రుద్దేయాలి. లోపలి పొరకు రాయకూడదు. అక్కడ జిడ్డు చేరితే బూజుకు తిండి పెట్టినట్టే, పొరలను అతికించిన జిగురూ సడలుతుంది. ఇలా తడిసినప్పుడు కాక, మామూలుగా వాన కాలం మొదట్లో ఒకసారి, ముగిశాక ఒకసారి క్రీము రాస్తే సరిపోతుంది. తరచూ రాస్తే తోలు సాగి, రంధ్రాలు కోలగా అవుతాయి.

బూజే పట్టిందని తేలితే పని వేరు. బెల్టును ఆరుబయటికి తీసుకెళ్లాలి. ముక్కుకు మాస్కు కట్టుకుని, మెత్తటి పొడి బ్రష్షుతో ఒంటికి దూరంగా దులపాలి. ముందే తడిగుడ్డ వాడితే బూజు పొడి పోగుల్లోకి దిగుతుంది. దులిపాక మందుల షాపుల్లో దొరికే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను దూదికి కొద్దిగా అద్ది లోపలి పొరనూ కుట్లనూ తుడవాలి. పై వైపు వాడే ముందు బకిల్ మడత కింద, కనబడని చోట అద్ది చూడాలి. దూదికి రంగు అంటితే పై వైపు దాన్ని వాడొద్దు. తుడిచాక ఫ్యాను కింద పూర్తిగా ఆరనివ్వాలి. ఆల్కహాల్ తోలులోని కొవ్వును కూడా కొంత తీసుకుపోతుంది కాబట్టి, ఆరాక పై వైపు క్రీము తప్పనిసరి.

వాసనకు మూలం ఎక్కువగా చెమటే. రోజంతా పెట్టుకున్న బెల్టు లోపలి పొర రాత్రికి ఆరకపోతే చెమటలోని పదార్థాలను సూక్ష్మజీవులు విడగొట్టి ఘాటైన వాసన పుట్టిస్తాయి. సెంటు కొడితే రెండు వాసనలూ కలుస్తాయి తప్ప మొదటిది పోదు. వంట సోడా నేరుగా చల్లితే దాని క్షారగుణం తోలుకు చెరుపు. సోడాను చిన్న గిన్నెలో పోసి, బెల్టుతోపాటు ఒక డబ్బాలో రెండు రోజులు మూసి ఉంచితే వాసన తగ్గుతుంది. అన్నిటికన్నా తేలిక ఉపాయం రెండు బెల్టులు పెట్టుకుని రోజు మార్చి రోజు వాడటం. వాన తప్పదనుకున్న రోజుల్లో నైలాన్‌దో రబ్బరుదో వేసుకుంటే తోలుకు తడిసే పనే ఉండదు.

దాచే చోట రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. గాలిలో తేమ 70 శాతం దాటి కొన్ని రోజులు నిలిస్తే తోలు మీద బూజు మొలిచే అవకాశం పెరుగుతుంది. గాలాడని అలమరలో ప్లాస్టిక్ కవరులో చుట్టి పెడితే లోపలి తేమ బయటికి పోయే దారి లేదు. కలరా ఉండలు తేమను లాగవు, వాటి వాసన మాత్రం తోలుకు పట్టుకుంటుంది. బాగా ఆరిన బెల్టును మూత బిగువైన చిన్న డబ్బాలో ఒక 5 గ్రాముల సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. ఒక బెల్టు విడిచే అదనపు తేమ గ్రాములో కొంత భాగమే, ఆ పొట్లం దాన్ని సులువుగా పీల్చుకుంటుంది. డబ్బా తెరిచినప్పుడల్లా కొత్త తేమ లోపలికి వస్తుంది కాబట్టి రంగు మారే గింజలున్న పొట్లం కొంటే ఎప్పుడు మార్చాలో తెలుస్తుంది. ఇది ఎక్కువైనా చేటే. గుప్పెడు పొట్లాలు వేస్తే తోలులో ఉండాల్సిన తేమ కూడా పోయి బెల్టు బిరుసెక్కుతుంది.

ఎంత చేసినా నిలవని బెల్టులూ ఉన్నాయి. తోలని అమ్మిన కొన్నింటి మీద ప్లాస్టిక్ పూత ఉంటుంది. తేమకు ఆ పూత పెచ్చులుగా ఊడుతుంది. దానికి క్రీము అంటదు. నీటిచుక్క వేస్తే ఇంకకుండా ముత్యంలా నిలిచి, ఊడిన చోట గుడ్డలాంటి పొర కనిపిస్తే అది ఆ రకమే. అసలు తోలులోనైనా పగుళ్లు ఎక్కడున్నాయో చూసి నిర్ణయించుకోవాలి. పై వైపు మాత్రమే ఉన్న సన్నగీతలు క్రీముకు కొంత కప్పుకుంటాయి, బెల్టు ఇంకొన్నాళ్లు పనిచేస్తుంది. పిన్ను దూరే మడతలో గాని, రోజూ వాడే రంధ్రం దగ్గర గాని పగులు లోపలి పొరదాకా దిగితే మాత్రం ఆ బెల్టు తీసేయాలి. తెగేది అక్కడే, తెగితే రోడ్డు మీద పడేది వాచీ.