క్రీడా కమిటీ అడిగే డబ్బుకు లెక్క ఎలా ఉండాలి?

డిగ్రీ కళాశాలలో క్రీడా కమిటీ ఏటా ప్రిన్సిపాల్‌కు ఒక బడ్జెట్ ప్రతిపాదన ఇస్తుంది. దాన్ని సాధారణంగా ఫిజికల్ డైరెక్టర్ తయారుచేస్తారు. అందులో ప్రతి పద్దుకూ ఎన్ని కావాలి, ఒక్కోటి ఎంత, మొత్తం ఎంత, ఎందుకు అన్న నాలుగు వివరాలు ఉంటాయి. కోత పడేది ఎక్కువగా నాలుగోది బలహీనంగా ఉన్నచోటే. 'క్రీడలతో ఆరోగ్యం' అని రాస్తే ఎవరూ కాదనరు, అలాగని డబ్బూ ఇవ్వరు.

విశ్వవిద్యాలయ అంతర కళాశాలల పోటీలకు కబడ్డీ జట్టును పంపే పద్దు చూద్దాం. ఇక్కడి ధరలు ఉదాహరణకే. కోర్టులో ఆడేది ఏడుగురు, జట్టులో పన్నెండు మంది. కోచ్, మేనేజర్ కలిస్తే పద్నాలుగు. రానుపోను బస్సు చార్జీ మనిషికి 360 రూపాయల చొప్పున 5,040. భోజన వసతులకు రోజుకు 300 చొప్పున మూడు రోజులకు 12,600. ప్రవేశ రుసుము వెయ్యి. మొత్తం 18,640. ఇలా విడదీసి చూపితే 'పది వేలతో సరిపెట్టుకోండి' అనడం కష్టమవుతుంది, ఎందుకంటే ఎవరిని ఇంట్లో ఉంచాలో అన్నవాళ్లే చెప్పాల్సి వస్తుంది.

కబడ్డీ మ్యాట్ సంగతి వేరు. పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మీటరు చదరపు పలకలైతే 130 కావాలి. ఈ ఏడు వంద కొని మిగతావి వచ్చే ఏడు చూద్దామంటే అప్పటిదాకా పూర్తి కోర్టే ఉండదు. అందుకే పెద్ద సామగ్రిని మామూలు ఖర్చుల్లో కలపకుండా విడిగా, కొటేషన్లు జతచేసి అడగాలి. జీఎస్టీ, రవాణా ఖర్చు అందులోనే చేరాయో లేదో చూసుకోవాలి. మర్చిపోతే ఆ తేడా ఇతర పద్దుల మీద పడుతుంది.

బంతులు, షటిల్ కాక్‌లు వాడితే అరిగిపోయేవి. వీటికి స్టాక్ రిజిస్టరే సాక్ష్యం. పోయిన ఏడు కొన్న ఆరు వాలీబాళ్లలో రెండే మిగిలాయని అందులో ఉంటే, నాలుగు అడగడానికి వేరే వాదన అక్కర్లేదు. అడిగినవి పది, రిజిస్టరులో పాతవి ఎనిమిది బాగానే ఉంటే, ఆ ఒక్క వరుస చూసి పరిశీలించేవారు మిగతా పద్దులనూ అనుమానిస్తారు.

తేదీల చిక్కు కూడా ఉంది. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది, విద్యా సంవత్సరం వేసవి తర్వాత మొదలవుతుంది. మంజూరు ఆలస్యమైతే పోటీల వేళకు డబ్బు చేతికందదు, ఫిజికల్ డైరెక్టర్ సొంత జేబులోంచి పెట్టుకుంటారు. తర్వాత టికెట్లు, రసీదులు దొరక్క ఆ మొత్తం తిరిగి రాబట్టుకోవడం గగనమవుతుంది. అందుకని ఏ పద్దుకు ఏ నెలలో డబ్బు కావాలో ప్రతిపాదనలోనే ఒక వరుస రాసి, ప్రయాణ ఖర్చుకు ముందస్తు అడ్వాన్సు కోరడం తెలివైన పని.