దాహం తీరదు, మూత్రం ఆగదు, ఒళ్లు తగ్గుతుంది

మూత్రపిండాలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని రక్తంలోంచి వడకడతాయి. దానితోపాటు సుమారు 180 గ్రాముల గ్లూకోజ్ కూడా వెళ్తుంది. అయితే అది మూత్రంగా మారేలోపే మూత్రపిండాలు ఆ చక్కెరనంతా తిరిగి రక్తంలోకి లాగేసుకుంటాయి. ఆరోగ్యంగా ఉన్నవారి మూత్రంలో చక్కెర కనిపించకపోవడానికి కారణం ఇదే. ఈ శక్తికీ ఒక హద్దుంది. రక్తంలో చక్కెర డెసీలీటరుకు 180 మిల్లీగ్రాములు దాటాక, మనిషిని బట్టి కాస్త అటూ ఇటూగా, మిగులు చక్కెర మూత్రంలోకి పోవడం మొదలవుతుంది.

పోయే చక్కెర ఒంటరిగా పోదు, నీటిని వెంట లాక్కుపోతుంది. అందుకే మూత్రం ఎక్కువవుతుంది. ఒంట్లో నీరు తగ్గి రక్తం చిక్కబడుతుంది, మెదడు దాహం పుట్టిస్తుంది. నీళ్లు తాగడం వల్ల మూత్రం ఎక్కువైందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. నిజానికి మూత్రం ఎక్కువ కావడం వల్లే నీళ్లు తాగాల్సి వస్తోంది. తాగడం మాన్పిస్తే మూత్రం ఆగదు సరికదా, ఒంట్లో నీరు ఇంకా తగ్గిపోతుంది.

మే నెల సెలవుల్లో పన్నెండేళ్ల పిల్లవాడొకడు బిందె దగ్గరే ఉంటున్నాడనుకుందాం. ఎండలు కదా అని ఎవరూ పట్టించుకోరు. తేడా తెలిసేది మూత్రం దగ్గర. ఎండవల్ల వేసే దాహంలో నీరు చెమటగా పోతుంది కాబట్టి మూత్రం తగ్గి, ముదురు పసుపు రంగులోకి మారుతుంది. ఈ పిల్లవాడికి మాత్రం దాహంతోపాటు మూత్రమూ పెరిగింది, రంగు నీళ్లలా పలచగా ఉంది. రాత్రి మూడు నాలుగుసార్లు లేస్తున్నాడు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. నీరసంగా ఉన్నాడని ఇంట్లో గ్లూకోజ్ పొడి కలిపిన నీళ్లు, పళ్లరసం, కూల్ డ్రింకులు పడుతున్నారు. వాటిలోని చక్కెర రక్తంలో చేరి, మూత్రంతో ఇంకా నీటిని లాగేస్తుంది.

మూడు వారాలయ్యేసరికి నిక్కరు వదులైంది. తిండి తగ్గలేదు, పైగా ఆకలి పెరిగింది. ఇలాంటి పిల్లల్లో సాధారణంగా కనిపించే టైప్ 1 మధుమేహంలో క్లోమంలోని ఇన్సులిన్ తయారుచేసే కణాలు నశిస్తాయి. ఇన్సులిన్ లేకపోతే రక్తంలోని చక్కెరను కండరాలు సరిగా వాడుకోలేవు. రోజుకు 100 గ్రాముల చక్కెర మూత్రంలో పోతే సుమారు 400 కేలరీలు వృథా అయినట్టే. అది 300 గ్రాముల అన్నం తినకుండా పారబోయడంతో సమానం. ఆ లోటు పూడ్చుకోవడానికి శరీరం కొవ్వునూ కండనూ కరిగిస్తుంది. తొలిరోజుల్లో తగ్గే బరువులో నీటి వాటా కూడా గట్టిదే.

కొవ్వు అదేపనిగా కరిగితే కీటోన్లనే ఆమ్ల పదార్థాలు రక్తంలో పేరుకుంటాయి. అప్పుడు వాంతులు, కడుపునొప్పి, లోతుగా వేగంగా ఊపిరి తీయడం, ముగ్గిన పండు వాసనలాంటి శ్వాస కనిపిస్తాయి. దీన్ని అజీర్ణమనో అపెండిసైటిస్ అనో పొరబడటం కొత్త కాదు. ఈ దశలో గంటలు కూడా లెక్కే, వెంటనే ఆసుపత్రిలో ఇన్సులిన్, సెలైన్ మొదలుపెట్టాలి.

ఇంత దూరం రాకముందే విషయం తేల్చడానికి వేలి కొసన ఒక్క చుక్క రక్తం చాలు. ఈ లక్షణాలున్నవారిలో ఏ వేళ తీసిన రక్తంలోనైనా చక్కెర 200 లేదా అంతకు మించి ఉంటే మధుమేహమే, ప్రయోగశాలలో ఖాయం చేసుకోవాలి. పిల్లల విషయంలో మర్నాడు పరగడుపున చూద్దామని ఆగకూడదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ మీద ఒక్కదానిమీదే ఆధారపడటమూ సరికాదు. జబ్బు కొద్ది వారాల్లోనే ముంచుకొస్తే ఆ అంకె ఇంకా అంతగా పెరిగి ఉండకపోవచ్చు.

ఒక్కో లక్షణానికీ వేరే కారణాలుంటాయి. ప్రోస్టేట్ వాపులో మాటిమాటికీ వెళ్లాల్సి వచ్చినా ప్రతిసారీ వచ్చేది కొంచెమే. క్షయ, థైరాయిడ్ ఎక్కువ కావడం కూడా బరువు తగ్గిస్తాయి. మూడూ కలిసి వస్తే మాత్రం ముందుగా చూడాల్సింది చక్కెరే.

పెద్దల్లో ఎక్కువగా వచ్చే టైప్ 2లో కథ వేరు. చక్కెర 140, 150 దగ్గర ఏళ్ల తరబడి నిలకడగా ఉంటే మూత్రపిండాల హద్దు దాటదు, కాబట్టి దాహమూ వేయదు, మూత్రమూ పెరగదు. ఈలోగా కళ్లూ నరాలూ దెబ్బతింటుంటాయి. వారిలో ఈ మూడు లక్షణాలూ కనిపించాయంటే చక్కెర అప్పటికే బాగా పెరిగిందన్నమాట. యాభై దాటినవారిలో మధుమేహం కొత్తగా బయటపడి, దానితోపాటు బరువు కూడా గబగబా తగ్గుతుంటే వైద్యులు క్లోమానికి స్కానింగ్ కూడా చేయించే అవకాశం ఉంది, అరుదుగానైనా అక్కడి క్యాన్సర్ ఇలాగే బయటపడుతుంది.